గుమ్మం కోసం ఆగిన గోడ

ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామందికి గుమ్మాల సంగతి స్లాబ్ పడ్డాకే గుర్తొస్తుంది. అందులో వింతేమీ లేదు. పునాది గుంతలు కూడా పూర్తిగా తవ్వకముందే టేకు కొనమంటే ఎవరికైనా తొందరపాటనే అనిపిస్తుంది. పైగా అప్పుడు చేతిలో ఉన్న డబ్బంతా కడ్డీకీ సిమెంటుకీ పోతూ ఉంటుంది. స్లాబ్ వేసిన రోజు కూలీలకు భోజనాలు పెడతారు, మర్నాడు తీరిగ్గా వడ్రంగి దగ్గరికి వెళతారు. కలప కోయించి, ద్వారబంధాలు, కిటికీ బంధాలు చేసి ఇవ్వడానికి ఆయన నెల రోజులు అడుగుతాడు. రెండు వారాలకు సెంట్రింగ్ విప్పేస్తారు. ఇటుక దిగుతుంది, మేస్త్రి వస్తాడు. గుమ్మం నిలబెట్టి, దాన్ని పట్టుకుని గోడ లేపాలి. గుమ్మం లేదు. అలా 16 రోజులు పని నిలిచిపోతుంది.

తిట్లన్నీ వడ్రంగికి పడతాయి. నిజానికి ఆయన అడిగిన నెలలోనే పని ఇచ్చాడు. పొరపాటు స్లాబ్ పడకముందే, పిల్లర్లు లేస్తున్న రోజుల్లోనే జరిగిపోయింది. అప్పుడు సైట్‌లో అందరూ పనిచేస్తూనే ఉన్నారు, ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు. ఇలాంటి ఆలస్యాన్ని అది జరుగుతున్న రోజే పట్టుకోవడానికి పనికొచ్చే లెక్క ఒకటుంది. మేనేజ్‌మెంట్ విద్యార్థులు దాన్ని క్రిటికల్ పాత్ మెథడ్ పేరుతో చదువుతారు. పరీక్షలో గుండ్రాలు, బాణాలు గీసి, కింద అంకెలు వేసి పది మార్కులు తెచ్చుకుంటారు. ఆ లెక్కను ఒక చిన్న ఇంటి మీద పెట్టి చూద్దాం.

150 గజాల స్థలం, రెండు పడకగదులు, ఒకే అంతస్తు. మన దగ్గర మామూలుగా కట్టే పద్ధతే: ముందు పిల్లర్లు, స్లాబ్, ఆ తర్వాత మధ్యలో గోడలు. కింద రాసిన రోజులు నేను వేసుకున్న అంచనాలు. ఊరిని బట్టి, మేస్త్రిని బట్టి మారతాయి. సెలవులు లేకుండా వరసగా లెక్కపెట్టాను. చాలాచోట్ల అమావాస్యకు పని ఆపుతారు, వాటిని తర్వాత కలుపుకోవచ్చు.

| పని | రోజులు | ఏది అయ్యాక |
|---|---|---|
| గుంతల తవ్వకం | 4 | మొదలు |
| ఫుటింగులు, ప్లింత్ బీములు | 14 | తవ్వకం |
| పిల్లర్లు, బేస్‌మెంట్ నింపుడు | 8 | ప్లింత్ బీములు |
| సెంట్రింగ్, కడ్డీ, స్లాబ్ | 10 | పిల్లర్లు |
| స్లాబ్ కింద సపోర్టులు ఉంచడం | 14 | స్లాబ్ |
| గుమ్మాలు, కిటికీ బంధాల తయారీ | 30 | మొదలు |
| గోడలు | 15 | సపోర్టులు తీశాక, గుమ్మాలు వచ్చాక |
| గోడల్లో కరెంటు, నీళ్ల పైపులు | 6 | గోడలు |
| లోపలి ప్లాస్టరింగ్ | 12 | పైపులు |
| లోపలి గోడలు తడపడం, ఆరడం | 14 | లోపలి ప్లాస్టరింగ్ |
| ఫ్లోరింగ్, బాత్రూం టైల్స్ | 15 | లోపలి ప్లాస్టరింగ్ |
| బయటి ప్లాస్టరింగ్ | 8 | గోడలు |
| బయటి గోడలు తడపడం, ఆరడం | 14 | బయటి ప్లాస్టరింగ్ |
| తలుపు రెక్కల తయారీ, బిగింపు | 20 | గోడలు |
| సెప్టిక్ ట్యాంక్, ప్రహరీ | 18 | ప్లింత్ బీములు |
| లప్పం, రంగులు | 18 | పై పనులన్నీ |
| స్విచ్‌లు, కుళాయిలు బిగించడం | 4 | రంగులు |

ఈ పట్టికలో అసలు విలువ మూడో గడిది. రోజులు ఎవరైనా రాస్తారు. ఏ పని దేనికోసం ఆగుతుందో రాయాలంటే మాత్రం మేస్త్రితో, వడ్రంగితో, ఎలక్ట్రీషియన్‌తో విడివిడిగా కూర్చోవాలి. గోడల పనికి ఎదురుగా రెండు షరతులు ఉన్నాయి చూడండి. గుమ్మాలు రావాలన్న రెండో షరతు రాయడం మరిచిపోతే మిగతా లెక్కంతా తప్పు లేకుండా వేసినా ఉపయోగం ఉండదు. కంప్యూటర్లో వేసినా అంతే.

మూడు పనులు మనుషులు చేసేవి కావు, ఊరికే రోజులు గడిచేవి. స్లాబ్ కింద సపోర్టులు ఉంచే 14 రోజుల్లో సైట్‌లో నీళ్లు పట్టే మనిషి తప్ప ఎవరూ ఉండరు. అందుకే కొత్తగా షెడ్యూలు వేసేవాళ్లు దాన్ని పనిగా రాయరు. కానీ ఇంటి కాలంలో ఆ 14 రోజులూ ఖర్చయ్యేవే. కాంక్రీట్ పనులకు మన దేశంలో ప్రమాణంగా తీసుకునే ఐఎస్ 456 ప్రకారం, మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడితే, 6 మీటర్ల వరకు పొడవున్న బీముల కింద సపోర్టులు కనీసం 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు ఉండాలి. ఈ ఇంట్లో బీములు 6 మీటర్లలోపే. పీపీసీ సిమెంటు అయితే బలం నిదానంగా వస్తుంది కాబట్టి ఇంజనీరు ఇంకొన్ని రోజులు పెంచమనవచ్చు.

ఇప్పుడు మొదటి నుంచి ముందుకు కూడుకుంటూ వెళదాం. తవ్వకం 4వ రోజు సాయంత్రానికి అవుతుంది. ఫుటింగులు, ప్లింత్ బీములు 18కి, పిల్లర్లు 26కి, స్లాబ్ 36కి, సపోర్టులు తీసేసరికి 50. గుమ్మాలు మొదటి రోజే చెప్పి ఉంటే 30కల్లా వచ్చేస్తాయి. గోడలకు రెండూ కావాలి కాబట్టి 30, 50లలో పెద్దదే తీసుకోవాలి. అంటే గోడలు 50 తర్వాత మొదలై 65కి పూర్తవుతాయి. పైపులు 71, లోపలి ప్లాస్టరింగ్ 83, ఫ్లోరింగ్ 98. రంగులు వెయ్యాలంటే ఫ్లోరింగ్ అవ్వాలి, లోపలి గోడలు ఆరాలి (అది 97కి), బయటి గోడలు ఆరాలి (87), తలుపులు బిగించాలి (85), ప్రహరీ అయిపోవాలి (36). వీటిలో అన్నిటికన్నా వెనక వచ్చేది 98. రంగులు 116కి, స్విచ్‌లు కుళాయిలు 120కి పూర్తవుతాయి. ఇల్లు 120 రోజుల పని.

రెండో విడత చివరి నుంచి వెనక్కి తీసివేసుకుంటూ రావాలి. 120కి పూర్తి కావాలంటే రంగులు ఎంత ఆలస్యంగా మొదలుపెట్టవచ్చు? 98 తర్వాత. దానికి ముందు పనులన్నీ 98కి అయిపోతే చాలు. తలుపులకు 20 రోజులు పడుతుంది కాబట్టి 78 వరకు మొదలుపెట్టకపోయినా ఫర్వాలేదు, 65 నుంచే మొదలుపెట్టే వీలుంది. ఆ తేడా 13 రోజులు. దీన్ని ఫ్లోట్ అంటారు. ఇల్లు పూర్తయ్యే తేదీ కదలకుండా ఆ పని ఎన్ని రోజులు జరగవచ్చో చెప్పే అంకె అది.

అలా లెక్కగడితే ప్రహరీ, సెప్టిక్ ట్యాంక్‌లకు 62 రోజులు, గుమ్మాలకు 20, తలుపు రెక్కలకు 13, బయటి ప్లాస్టరింగ్‌కు 11, లోపలి గోడలు ఆరడానికి ఒక్క రోజు ఫ్లోట్ వస్తుంది. తవ్వకం, ఫుటింగులు, పిల్లర్లు, స్లాబ్, సపోర్టులు, గోడలు, పైపులు, లోపలి ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, రంగులు, స్విచ్‌లు అన్నిటికీ సున్నా. ఈ సున్నా పనుల వరసే క్రిటికల్ పాత్. మొదటి నుంచి చివరిదాకా వెళ్లే దారుల్లో అన్నిటికన్నా పొడవైనది అదే. అందులో ఏ పని ఒక్క రోజు జరిగినా ఇల్లు ఒక్క రోజు జరుగుతుంది.

క్రిటికల్ అన్న మాట విని అది ముఖ్యమైన పనుల జాబితా అనుకునేవాళ్లు చాలామంది. అలా కాదు. సెప్టిక్ ట్యాంక్ లేకుండా ఎవరూ ఇంట్లో ఉండలేరు, అయినా దానికి రెండు నెలల పైచిలుకు వెసులుబాటు ఉంది. గోడల్లో పైపులు వెయ్యడం ఆరు రోజుల చిన్న పని, ఖర్చు కూడా తక్కువే. కానీ ఎలక్ట్రీషియన్ పెళ్లికి వెళ్లి మూడు రోజులు రాకపోతే ఇల్లు మూడు రోజులు వెనకబడుతుంది. ఖర్చును బట్టి, కష్టాన్ని బట్టి పనుల మీద కన్నేసి ఉంచే యజమాని ఇక్కడే దెబ్బతింటాడు.

గుమ్మాల దగ్గరికి వద్దాం. వాటికి 20 రోజుల ఫ్లోట్ ఉంది. అంటే 20వ రోజు సాయంత్రం వరకు వడ్రంగికి చెప్పకపోయినా నష్టం లేదు. 20వ రోజున సైట్‌లో ఏం జరుగుతోంది? అప్పుడప్పుడే ఒకటి రెండు పిల్లర్లకు కడ్డీ కడుతున్నారు. ఇంటి ఆకారం కూడా ఇంకా తెలియదు. సరిగ్గా ఆ రోజున గుమ్మాల తయారీ కూడా సున్నా ఫ్లోట్ పనుల్లో చేరిపోతుంది. 36వ రోజున, స్లాబ్ పడ్డాక చెబితే గుమ్మాలు 66కి వస్తాయి. గోడలు 50కి బదులు 66న మొదలవుతాయి, ఇల్లు 136కి పూర్తవుతుంది. 20 నుంచి 36 దాకా ప్రతి రోజూ ఇల్లు ఒక్కో రోజు వెనక్కి పోతూనే ఉంది. ఆ 16 రోజులూ పిల్లర్లు లేచాయి, సెంట్రింగ్ పడింది, స్లాబ్ వేశారు, అన్నీ అనుకున్న రోజుకే జరిగాయి. సైట్‌కి వెళ్లి చూసేవాడికి ఈ ఆలస్యం కనిపించే అవకాశమే లేదు. కాగితం దగ్గరున్నవాడికే కనిపిస్తుంది.

ఈ ఆలస్యం తెలిసొచ్చాక కూడా ఒక దారి ఉంది. గుమ్మాల చోట ఖాళీ వదిలి గోడలు కట్టి, తర్వాత గుమ్మాలు దూర్చవచ్చు. కొందరు మేస్త్రీలు అలాగే చేస్తారు. అప్పుడు పట్టికలో మారేది రోజుల గడి కాదు, మూడో గడి. గోడలు గుమ్మాల కోసం ఆగనక్కర్లేదు. కాకపోతే తర్వాత గుమ్మం చుట్టూ సందు పూడ్చాలి, హోల్డ్‌ఫాస్ట్‌ల కోసం కట్టిన గోడ తొలవాలి, పట్టు కొంచెం తగ్గుతుంది. స్లాబ్ గట్టిపడకుండా సపోర్టులు తీయకూడదన్న షరతు కాంక్రీట్ పెట్టింది, దాన్ని ఎవరూ మార్చలేరు. గుమ్మం నిలబెట్టాకే గోడ కట్టాలన్న షరతు మనం పెట్టుకున్న పద్ధతి, మార్చుకోవచ్చు. మూడో గడి నింపేటప్పుడే ఈ రెండు రకాలనూ వేరుచేసి రాసుకుంటే ఆపద సమయంలో ఏ షరతు మీద చెయ్యి వెయ్యవచ్చో తెలుస్తుంది.

ఫ్లోట్ విషయంలో ఇంకో చిక్కుంది. బయటి ప్లాస్టరింగ్‌కు 11 రోజులు, దాని తర్వాత బయటి గోడలు ఆరడానికి 11 రోజులు అని లెక్క చూపిస్తుంది. అవి రెండు వేర్వేరు పదకొండ్లు కావు. ఒక వరసలో ఉన్న పనులన్నిటికీ కలిపి ఉన్నది ఒకటే మూట. ప్లాస్టరింగ్ మేస్త్రి 11 రోజులు ఆలస్యంగా వస్తే గోడ ఆరడానికి మిగిలే వెసులుబాటు ఏమీ ఉండదు. కాంట్రాక్టర్లు, సబ్ కాంట్రాక్టర్లు ఉన్న పెద్ద పనుల్లో తగాదాలు చాలావరకు దీని గురించే. ముందు వచ్చినవాడు మూటంతా వాడేస్తాడు, వెనక వచ్చినవాడి మీద ఆలస్యం పడుతుంది.

ఇంతవరకు వేసిన లెక్కలో ఒక పెద్ద మాట చెప్పకుండా దాటేశాను. పట్టిక ప్రకారం బయటి ప్లాస్టరింగ్ 65 నుంచి 73 వరకు, లోపలిది 71 నుంచి 83 వరకు. రెండు రోజులు రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. చిన్న ఇంటికి ప్లాస్టరింగ్ బృందం సాధారణంగా ఒక్కటే ఉంటుంది. ఒక బృందం లోపలా బయటా ఒకేసారి పనిచెయ్యలేదు. క్రిటికల్ పాత్ లెక్కకు ఇది తెలియదు. ఏ పని ఏ పని తర్వాత అన్నది మాత్రమే అది చూస్తుంది, చేసేవాడు ఒక్కడే అన్నది చూడదు. ఈ పద్ధతికి ఉన్న అసలు లోపం ఇదే. తరగతి గదిలో దీన్ని చివర్లో ఒక్క మాటలో చెప్పి వదిలేయడం నాకు సమంజసంగా అనిపించదు.

ఒకే బృందం ఉంటే ఏం చెయ్యాలి? క్రిటికల్ పాత్‌లో ఉన్నది లోపలి ప్లాస్టరింగ్ కదా, దానికే మొదటి స్థానం అని పుస్తకం చదివినవాడు అంటాడు. అలా చేస్తే లోపలిది 83కి అవుతుంది, బయటిది 83 నుంచి 91, అది ఆరేసరికి 105. రంగులు 98కి బదులు 105న మొదలవుతాయి. ఇల్లు 127. ఇప్పుడు ఇంకోలా చూద్దాం. గోడలు 65కి అయిపోయాయి, ఎలక్ట్రీషియన్ లోపల 71 వరకు గోడలు తొలుస్తూ ఉంటాడు. ప్లాస్టరింగ్ బృందానికి ఆ ఆరు రోజులు లోపల పనే లేదు. వాళ్లను అప్పుడే బయట పెట్టండి. బయటిది 73కి అవుతుంది. లోపలిది 73న మొదలై 85, ఫ్లోరింగ్ 100, రంగులు 118, ఇల్లు 122. సున్నా ఫ్లోట్ ఉన్న పనిని రెండు రోజులు ఆపి, 11 రోజుల ఫ్లోట్ ఉన్న పనిని ముందు చేస్తే ఐదు రోజులు కలిసొచ్చాయి. ఎందుకంటే బయటి ప్లాస్టరింగ్ వెనకాల 14 రోజుల ఆరుదల ఉంది. ఆ గడియారాన్ని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. సైట్‌లో అనుభవం ఉన్న మేస్త్రి ఈ పని లెక్క వెయ్యకుండానే చేస్తాడు.

బయటి పనికి ఇంకో బృందం దొరికితే పాత 120కే ఉంటాం. ఇక్కడి నుంచి దొరికిందనే అనుకుందాం.

ఈ పద్ధతి పుట్టింది కూడా రోజులకూ డబ్బుకూ మధ్య బేరం గురించే. 1957 ప్రాంతంలో అమెరికాలోని డ్యూపాంట్ రసాయన కంపెనీలో మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీ నుంచి జేమ్స్ కెల్లీ కలిసి, అప్పటి యూనివాక్ కంప్యూటర్ మీద దీన్ని రూపొందించారు. 1959లో ఇద్దరూ కలిసి దీని మీద పత్రం ప్రచురించారు. ఫ్యాక్టరీ కట్టడమో, మరమ్మతు కోసం ఆపడమో ఆలస్యమవుతున్నప్పుడు, ఏ పనికి డబ్బు పెంచితే ఎన్ని రోజులు తగ్గుతాయన్నది వాళ్ల ప్రశ్న. దాదాపు అదే కాలంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం పెర్ట్ అనే అన్నదమ్ముడి లాంటి పద్ధతిని తయారుచేసింది. అందులో ప్రతి పనికీ ఒక్క అంచనా కాక మూడు అంచనాలు వేస్తారు. తర్వాత 1961లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ ఫోండాల్, కంప్యూటర్ లేకుండా చేత్తోనే ఈ లెక్క వేసుకునే పద్ధతిని చూపించాడు. మనం ఇప్పుడు చేసింది దాదాపు అదే.

ఆ బేరాన్ని ఈ ఇంటి మీద చేద్దాం. యజమానికి రోజులు తగ్గాలి. ఇంకో టైల్స్ బృందాన్ని పెడితే ఫ్లోరింగ్ 15 నుంచి 10 రోజులకు దిగుతుంది, తగ్గిన రోజుకు 1,500 రూపాయలు అదనం అనుకుందాం. గోడలకు ఇంకో జత మేస్త్రీలను పెడితే 15 నుంచి 11కి దిగుతుంది, రోజుకు 2,500 అదనం. ఫ్లోరింగే చవక, అదీ క్రిటికల్ పాత్‌లోనే ఉంది. కాబట్టి ఎవరైనా ముందు దాని మీదే డబ్బు పెడతారు: 7,500 ఖర్చు, ఐదు రోజులు ఆదా.

ఆ ఐదు రోజులు రావు. లోపలి గోడలు ఆరడానికి ఒక్క రోజే ఫ్లోట్ ఉందని ముందు చూశాం. ఫ్లోరింగ్ 93కే అయిపోయినా గోడలు 97 వరకు ఆరవు. రంగులవాళ్లు వచ్చి నాలుగు రోజులు కొత్త టైల్స్ మీద కూర్చోవాల్సిందే. 7,500 పెట్టి కొన్నది ఒకే ఒక్క రోజు. ఫ్లోరింగ్‌లో ఒక రోజు తగ్గగానే పొడవైన దారి మారిపోయి, గోడలు ఆరే దారి కూడా దానితో సమానమైంది. ఆ తర్వాత ఒక్క దారిని నరికి లాభం లేదు. గోడల పని అలా కాదు. దాని వెనకున్న పనులన్నీ, తలుపులూ బయటి ప్లాస్టరింగ్‌తో సహా, దానితో పాటే ముందుకు జరుగుతాయి. 10,000 పెడితే నాలుగు రోజులూ దక్కుతాయి. సరైన బేరం ఏమిటంటే ఫ్లోరింగ్‌లో ఒక్క రోజుకే 1,500 పెట్టి ఆగి, లెక్క మళ్లీ వేసి, అప్పుడు గోడల వైపు వెళ్లడం. ఒకసారి ఒక రోజు తగ్గించడం, మళ్లీ మొదటి నుంచి చివరిదాకా కూడడం. విసుగు పుట్టించే పనే గానీ ఈ బేరంలో అడ్డదారి లేదు. సైట్‌లో ఏ పని ఆలస్యమైనా కూడా ఇలాగే వారానికోసారి తిరగ్గట్టాలి. మొదటి రోజు ఎర్ర పెన్నుతో గీసిన దారి చివరిదాకా అదే ఉంటుందనుకోకూడదు.

ఇప్పుడు ముహూర్తం. తవ్వకం మొదలైన నాటి నుంచి 110వ రోజున గృహప్రవేశం కుదిరిందనుకుందాం. శుభలేఖలు వేశారు. వెనక్కి లెక్కపెట్టడం 120 నుంచి కాక 110 నుంచి మొదలుపెడితే, సున్నా ఉన్న పనులన్నిటికీ మైనస్ 10 వస్తుంది. ఆ పనులు మొదలుపెట్టకముందే పది రోజులు వెనకబడి ఉన్నాయని దాని అర్థం. ఫ్లోరింగ్‌లో 1, గోడల్లో 4 తగ్గించాం. ఫుటింగుల దగ్గర ఇంకో బృందంతో, రోజుకు 3,000 చొప్పున 3 రోజులు తగ్గించవచ్చు. మొత్తం 20,500 ఖర్చు పెడితే 112. ఇంకా రెండు రోజులు చాలవు.

సాధారణంగా ఈ రెండు రోజులు ఎక్కడి నుంచి వస్తాయో ఇళ్లు కట్టేవాళ్లందరికీ తెలుసు. మనుషులు లేని పనుల్లోంచి వస్తాయి. 14 రోజులు ఉండాల్సిన సపోర్టులు 12వ రోజున తీసేస్తారు. లేదా గోడ పూర్తిగా ఆరకముందే లప్పం పెట్టేస్తారు. అడిగేవాడు ఎవరూ ఉండరు, ఆ రోజుకు ఏ తేడా కూడా కనిపించదు. తర్వాత బీము మధ్యలో కింది వైపు సన్నని పగుళ్లు రావచ్చు, స్లాబ్ కొద్దిగా కిందికి వంగవచ్చు. తేమ మీద వేసిన లప్పం ఉబ్బి, పొరలు పొరలుగా లేస్తుంది. స్లాబ్ వేసిన తేదీ, సపోర్టులు తీసిన తేదీ రెండూ ఇంజనీరు చేత పుస్తకంలో రాయించి పెట్టుకున్న యజమానికే ఈ మోసం దొరుకుతుంది.

రోజులు తగ్గించే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గృహప్రవేశానికి ఇల్లు ఎంతవరకు పూర్తి కావాలి? పొయ్యి వెలిగించి పాలు పొంగించాలి, నీళ్లు రావాలి, కరెంటు ఉండాలి, వచ్చిన బంధువులు కూర్చోవడానికి లోపల శుభ్రంగా ఉండాలి. బయటి రంగు ఆ రోజుకు లేకపోయినా నడుస్తుంది. మన ఊళ్లలో బయటి గోడలు సిమెంటు రంగులో ఉండగానే గృహప్రవేశాలు జరుగుతూనే ఉంటాయి. రంగుల 18 రోజుల్లో లోపలికి 11, బయటికి 7 అని విడదీసి, బయటి 7 రోజుల్ని ముహూర్తం తర్వాతకు జరిపితే, పైసా ఖర్చు లేకుండా 120 కాస్తా 113 అవుతుంది. ఇంకా కావాల్సింది మూడు రోజులే. ఫ్లోరింగ్‌లో ఒకటి, గోడల్లో రెండు తగ్గిస్తే సరిగ్గా 110, ఖర్చు 6,500.

ఇక యజమాని ముందున్నవి రెండు కాగితాలు. మొదటిది 6,500 రూపాయలది. అందులో ఫ్లోట్ ఒక్క రోజు కూడా లేదు, స్లాబ్ వేయాల్సిన రోజు వాన పడితే ముహూర్తానికి కుళాయిలు ఉండవు. రెండోది 20,500 రూపాయలది. అందులో లోపలి పని 105కే పూర్తయి, ఐదు రోజులు చేతిలో మిగులుతాయి. స్లాబ్ ఫాల్గుణంలో పడేటట్టయితే నేను మొదటి కాగితం మీదే సంతకం పెట్టమంటాను. శ్రావణంలో పడేటట్టయితే రెండోదానికి డబ్బు చూసుకోమంటాను. రెండింట్లోనూ వడ్రంగికి అడ్వాన్స్ ఇవ్వాల్సింది తవ్వకం మొదలైన వారంలోనే.